ఇది నేనే: సోమవారం పొద్దున క్యాప్షన్లు రాయడం గురించి

ఫైనల్ ఇయర్‌లో 6 నెలలు రాయదుర్గం దగ్గర ఒక ఆఫీసులో ఇంటర్న్‌గా ఉన్నాను. అదే టైంలో మేం నలుగురం కలిసి ఒక నవ్వుల పేజీ నడిపేవాళ్లం. ఆఫీసు మీద వచ్చే మీమ్స్‌కి క్యాప్షన్లు రాసే పని నాది. ఆ 6 నెలల్లో కోడింగ్ ఎంత నేర్చుకున్నానో మా మెంటర్‌ని అడగండి. రెండు లైన్ల తెలుగు వాక్యం రాయడం మాత్రం కొంత నేర్చుకున్నాను. అది కూడా ఒక మనిషిని నొప్పించాకే. ఆ సంగతి మధ్యలో వస్తుంది.

మా పేజీలో బాగా నడిచిన సెట్ ఒకటుంది: 7 బొమ్మలు, 7 క్యాప్షన్లు. అన్నీ ఒకే సోమవారం పొద్దున జరిగేవి. తెల్లవారుజామున 5 గంటలకి మొదలై 11 గంటల టీతో అయిపోతాయి. ఆ సెట్ ఎలా తయారైందో చెప్తాను.

మొదట నేను చేసిన పని అందరూ చేసేదే. ఇంగ్లీషు మీమ్స్ ముందు పెట్టుకుని తెలుగులోకి దింపాను. అక్కడ "వెన్ యువర్ మేనేజర్ సేస్..." అని మొదలవుతుంది, కింద ఒక మొహం ఉంటుంది. దాన్నే నేను "సోమవారం పొద్దున్నే మీ మేనేజర్ చిన్న పని ఉంది అన్నప్పుడు" అని రాశాను. కింద బ్రహ్మానందం మొహం. లైకులు 11. అందులో 4 మావే.

తప్పెక్కడుందో మా సీనియర్ అక్క చూపించింది. (ఆవిడ పేజీకి ఎడిటర్. పదవి పేరు అదే, చేసే పని కొట్టేయడం.) "నీ 7 క్యాప్షన్ల చివరి మాటలు వరసగా చదువు" అంది. చదివాను. అన్నప్పుడు, వచ్చినప్పుడు, అడిగినప్పుడు, అయినప్పుడు, మళ్లీ అన్నప్పుడు...

విషయం ఏంటంటే, ఇంగ్లీషులో ఆ "వెన్" వాక్యం మొదట్లో వస్తుంది, మన కన్ను దాన్ని దాటేస్తుంది, అసలు మాట చివర పడుతుంది. తెలుగులో "అప్పుడు" వెళ్లి వాక్యం చివర కూర్చుంటుంది. నవ్వు రావాల్సిన మాట దానికి ముందే ఎక్కడో ఇరుక్కుపోతుంది. మన వాక్యంలో బలమైన చోటు చివరిదే, సాధారణంగా క్రియ ఉండే చోటు. అక్కడ ఏడుసార్లూ ఒకే బరువులేని మాట పెడితే ఏడు బొమ్మలూ ఒకేలా వినిపిస్తాయి.

అందుకని మొదట అన్నిట్లోంచీ "అప్పుడు" తీసేశాం. తీసేశాక అసలు చెప్పాల్సిందేమీ లేని క్యాప్షన్లు 3 బయటపడ్డాయి. అవి అక్కడే పోయాయి.

ఇక అమీర్‌పేట. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

నేను ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. అక్కడ రెడ్ లైన్ ఎక్కాలి, అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్‌కి మారాలి, చివరి స్టేషన్ రాయదుర్గంలో దిగాలి. సోమవారం పొద్దున 8:30కి అమీర్‌పేట ఎలా ఉంటుందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. చూడనివాళ్లు మన క్యాంటీన్‌లో బిరియానీ రోజుని గుర్తు తెచ్చుకోండి. దాని మీద నా మొదటి డ్రాఫ్ట్ ఇది:

"సోమవారం ఉదయం అమీర్‌పేట మెట్రోలో విపరీతమైన రద్దీ వల్ల నేను దిగక ముందే వెనకున్నవాళ్లు నన్ను తోసేశారు."

ఇది క్యాప్షన్ కాదు, ఫిర్యాదు. మెట్రోవాళ్లకి మెయిల్ పెడితే సరిపోయేది. బొమ్మలో ఎలాగూ జనం కనిపిస్తున్నారు కాబట్టి "విపరీతమైన రద్దీ" అక్కర్లేదు. పైన టైం వేస్తున్నాం కాబట్టి "సోమవారం ఉదయం" కూడా అక్కర్లేదు. రెండోసారి ఇలా రాశాను:

"అమీర్‌పేటలో మనం దిగాల్సిన పని లేదు, జనమే దించేస్తారు."

ఇది పర్లేదు. ఎవరైనా స్నేహితుడు మాట్లాడుతూ అంటే నవ్వుతాం. కానీ తెర మీద చదివితే ఒక అభిప్రాయంలా ఉంది, జరిగినదానిలా లేదు. అక్క "జనమే" మీద గీత గీసింది. "దించారు" అన్నప్పుడు ఆ చివరి "-ఆరు"లోనే వాళ్లు ఉన్నారుగా, మళ్లీ జనం ఎందుకు అంది. మూడోసారి మిగిలింది ఇదీ:

అమీర్‌పేటలో దిగలేదు.
దించారు.

దిగడం మనం చేసే పని, దించడం ఎదుటివాళ్లు మనకి చేసే పని. ఒకే ధాతువు నుంచి వచ్చిన ఈ జంటలు తెలుగులో బోలెడు: ఎక్కు–ఎక్కించు, లేచు–లేపు, నవ్వు–నవ్వించు. ఇంగ్లీషులో ఈ తేడా చెప్పాలంటే వేరే వాక్యం కట్టుకోవాలి. మనకి ఒక్క మాట మారితే చాలు.

ఇంకో సంగతి చాలా రోజుల తర్వాత గమనించాను. "దిగలేదు" అన్న మాటలో దిగనిది ఎవరు? నేను దిగలేదు, నువ్వు దిగలేదు, వాడు దిగలేదు, వాళ్లు దిగలేదు. అందరికీ ఒకటే రూపం. "దిగాను" అంటే నేనే, "దిగాడు" అంటే వాడే. "దిగలేదు" మాత్రం ఖాళీ సీటు. చదివేవాడు వచ్చి కూర్చుంటాడు. మీమ్ కింద జనం "ఇది నేనే" అని కామెంట్ పెడతారు చూడండి, ఆ కామెంట్ రావాలంటే ముందు ఆ సీటు ఖాళీగా ఉండాలి.

నేను అక్కడితో ఆగకుండా బ్లూ లైన్ బొమ్మ ఇంకోటి తెచ్చి "ఎక్కలేదు. ఎక్కించారు." అని కూడా రాశాను. అక్క దాన్ని తీసేసింది. నాకు కోపమొచ్చింది, ఎందుకంటే అది కూడా బానే ఉంది. పోస్ట్ పెట్టాక చూస్తే కామెంట్లలో మొదటి పది మందిలో ముగ్గురు "ఎక్కించారు" అని వాళ్లే రాశారు. నేను రాసేసి ఉంటే వాళ్లకి రాయడానికి ఏం మిగిలేది కాదు.

సీటు ఖాళీగా ఉంచడానికి తెలుగులో ఇంకా దారులున్నాయి. ఆదివారం రాత్రి విజయవాడ నుంచి బస్సులో బయల్దేరేవాళ్ల సంగతి చూడండి. రాత్రి 11:30కి ఎక్కుతాం. సూర్యాపేట దాటేదాకా ముందు సీటువాడి ఫోన్‌లో రీల్స్ వినిపిస్తూనే ఉంటాయి. ఎలాగో కళ్లు మూతపడే సరికి క్లీనర్ లైట్లేసి "ఎల్బీనగర్, ఎల్బీనగర్" అని అరుస్తాడు. సెట్‌లో మొదటి క్యాప్షన్ అదే:

నిద్ర పట్టింది.
ఎల్బీనగర్ వచ్చింది.

నిద్ర ఎవరికి పట్టిందో ఇక్కడ చెప్పలేదు. మనకి నిద్ర పడుతుంది, ఆకలి వేస్తుంది, కోపం వస్తుంది, భయం వేస్తుంది. మనం చేసేది ఏమీ లేదు, అన్నీ వచ్చి మన మీద పడతాయి. సోమవారం మీద రాయడానికి ఇంతకన్నా సరిపోయే వ్యాకరణం ఉండదేమో. ఇక్కడ రెండు వాక్యాల మధ్య "వెంటనే" అని ఒకటి పెట్టాను మొదట్లో. అది ఉంటే నేనే తొందరపెడుతున్నట్టు ఉంది. తీసేస్తే ఆ రెండు "-ఇంది"ల మధ్య చుక్కే మిగతా ప్రయాణం.

ఇప్పుడు నొప్పించిన సంగతి.

మా టీమ్‌లో ఒకాయన ఉండేవారు. నల్గొండ వైపు వాళ్ల ఊరి నుంచి సోమవారాలు ఇంటి దగ్గరే పని చేసేవారు. ఫోన్ హాట్‌స్పాట్ మీద కాల్‌లోకి వస్తారు, నెట్ ఆగిపోతూ ఉంటుంది. అందుకని ప్రతి రెండు నిమిషాలకీ "వినిపిస్తోందా?" అని అడిగేవారు. నేను దాని మీద రాసింది:

మా కాల్‌లో ఒకాయన: "వినిపిస్తోందా?"
మేం: వినిపించకపోతే బాగుండు.

ఇప్పటిదాకా నేను చెప్పిన కొలతల్లో ఇది పాసవుతుంది. చివర్లో బలమైన మాట ఉంది. పొట్టిగా ఉంది. బొమ్మ చెప్పినదాన్నే మళ్లీ చెప్పడం లేదు. అక్క ఆ వారం ఊళ్లో లేదు, నేనే పోస్ట్ చేశాను. బాగా వెళ్లింది. మా ఆఫీసులో ఎవరో దాన్ని టీమ్ గ్రూప్‌లో వేశారు. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. ఆయన కూడా ఒకటి పెట్టారు.

తర్వాతి సోమవారం కాల్‌లో ఆయన మైక్ ఆన్ చేయలేదు. తన అప్‌డేట్ చాట్‌లో టైప్ చేశారు. ఆ తర్వాతి సోమవారమూ అంతే. నేను విడిగా మెసేజ్ పెట్టి సారీ చెప్పాను. "పర్లేదు తమ్ముడూ, బాగా రాశావు" అన్నారు. నా ఇంటర్న్‌షిప్ అయ్యేదాకా సోమవారాలు ఆయన టైపే చేశారు.

పోస్ట్ తీసేశాక దాని కామెంట్లు మళ్లీ చూసుకున్నాను, స్క్రీన్‌షాట్ ఉంది కాబట్టి. అమీర్‌పేట బొమ్మ కింద "నేనే", "ఇవాళ పొద్దున నేను", "మా ఆవిడకి పంపాను, ఇద్దరం" ఇలా ఉన్నాయి. దీని కింద ఒక్క "నేనే" లేదు. "మా రమేష్‌గాడు", "మా టీమ్‌లోనూ ఒకడున్నాడు", "ఆ ఒకాయన మా మేనేజరే" అని ఉన్నాయి. లైకుల లెక్క చూస్తే రెండూ ఒకటే. కామెంట్లు చదివితే గానీ తేడా తెలీదు. "ఒకాయన" అన్న మాటతో ఆ సీట్లో నేనే ఒక మనిషిని కూర్చోబెట్టేశాను. ఖాళీ లేదు కాబట్టి వచ్చినవాళ్లంతా చుట్టూ నిలబడి ఆయన్ని చూశారు.

అక్క తిరిగి వచ్చాక నన్నేం తిట్టలేదు. "కాల్‌లో నీకేమీ అవ్వదా?" అని అడిగింది, అంతే. ఎందుకవ్వదు? అదే నెలలో ఒక రోజు నేను చేసిన మాడ్యూల్ గురించి స్లైడ్లు మారుస్తూ, ఉదాహరణలిస్తూ, చాలా చక్కగా చెప్పాను. అయిపోయాక ఎవరూ ఏమీ అనకపోతే మెచ్చుకుంటున్నారనుకున్నాను. అప్పుడు మెంటర్ చాట్‌లో రాశారు. దాన్నుంచి వచ్చింది ఇది, సెట్‌లో ఐదోది:

పది నిమిషాలు చక్కగా చెప్పాను.
మ్యూట్‌లో.

ఇక్కడ "చెప్పాను" ఉంది కాబట్టి సీటు ఖాళీ కాదు కదా అని మీరు అడగొచ్చు. నిజమే. కానీ కూర్చున్నది రాసినవాడే. తను పడ్డ గుంతని చూపిస్తున్నాడు, పక్కవాడిని తోయట్లేదు. చదివేవాళ్లు "నేను కూడా" అంటూ పక్కన జరిగి కూర్చోవచ్చు. దీని కింద అలాంటివే వచ్చాయి. ఒకాయన ఏకంగా ఇంటర్వ్యూలో అలా చేశాడట.

"చేశాడట" అన్నాను కదా, ఆ "అట" గురించి కూడా చెప్పాలి. నా 11 లైకుల క్యాప్షన్ గుర్తుందిగా, మేనేజర్ చిన్న పని ఉంది అన్నప్పుడు. దాన్ని పారేయబుద్ధి కాలేదు. ఎన్నిసార్లు తిప్పి రాసినా మేనేజర్ విలన్ అవుతున్నాడు. చివరికి మా నాయనమ్మ మాట తీరు గుర్తొచ్చింది. ఎవరి మాటైనా నమ్మకపోతే ఆవిడ వాదించదు, చివర "ట" కలుపుతుంది. "రేపు ఇస్తాడట." అంతే, వాడు ఇవ్వడని మాకు అర్థమైపోతుంది. అలాగే:

చిన్న పనేనట.

ఒకటే మాట ఇంచుమించు. ఎవరన్నారో లేదు, ఎవరితో అన్నారో లేదు. "ఏ"లో వాళ్ల భరోసా, "అట"లో మన అనుమానం. ఇక్కడ బొమ్మే సగం పని చేయాలి. బ్రహ్మానందం మొహం పెడితే మన అనుమానాన్నే ఆయన మళ్లీ చెప్తాడు, రెండుసార్లు అయిపోతుంది. తెలుగు మీమ్స్‌లో అంతగా వాడే మొహంతో వచ్చే చిక్కు ఇదే, ఏ క్యాప్షన్ అయినా సరిపోతుంది కాబట్టి ఏదీ గట్టిగా అతకదు. మేం వరిగడ్డి లోడు లారీ ఫోటో పెట్టాం. రోడ్డు మొత్తం ఆక్రమించి, లారీ కనిపించకుండా గడ్డి మాత్రమే కదిలి వస్తుంటుంది చూడండి, అది. పల్లెటూరి ఫోటో కింద ఆఫీసు మాట. మధ్యలో ఉన్న దూరాన్ని చదివేవాళ్లే కలుపుకుంటారు.

మిగతావి త్వరగా వచ్చాయి, వాటి గురించి ఎక్కువ చెప్పను. సిస్టమ్ శుక్రవారం సాయంత్రం పాస్‌వర్డ్ మార్చమంటుంది, మారుస్తాం, వెళ్లిపోతాం. సోమవారం ఎవరికి గుర్తుంటుంది? ఇక స్టాండప్ మీటింగ్‌లో నిన్న ఏం చేశావ్, ఇవాళ ఏం చేస్తావ్, అడ్డంకులేమైనా ఉన్నాయా అని మూడు ప్రశ్నలు అడుగుతారు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఆ ప్రశ్నకి ఇబ్బంది లేదు. సోమవారమే వస్తుంది తంటా. సెట్ మొత్తం వరసగా ఇదీ, పైన టైంతో సహా:

5:00, బస్సు కిటికీ, పక్కకి జరిగిన కర్టెన్
నిద్ర పట్టింది.
ఎల్బీనగర్ వచ్చింది.

8:30, మెట్రో ప్లాట్‌ఫాం
అమీర్‌పేటలో దిగలేదు.
దించారు.

9:35, లాగిన్ తెర
కొత్త పాస్‌వర్డ్ ఏంటో
శుక్రవారం వెళ్లిపోయినవాడికి తెలుసు.

10:00, గుండ్రంగా నిలబడ్డ కాళ్లు, చెప్పులు మాత్రమే
"నిన్న ఏం చేశావ్?"
నిన్న ఆదివారమండీ.

10:20, ఖాళీ కుర్చీ ముందు వెలుగుతున్న లాప్‌టాప్
పది నిమిషాలు చక్కగా చెప్పాను.
మ్యూట్‌లో.

10:45, గడ్డి లారీ
చిన్న పనేనట.

11:00, రెండు టీ గ్లాసులు
"టీకి వెళ్దామా?" "ఇప్పుడేగా వచ్చాం."
"అందుకే."

పాస్‌వర్డ్ దాంట్లో "వెళ్లిపోయినవాడు" మనమే అని అర్థం కావడానికి అర సెకను పడుతుంది. ఆ అర సెకను కోసం "నేను" అన్న మాట రాయలేదు. కొందరికి అర్థం కాలేదు కూడా, ఉద్యోగం మానేసిన కొలీగ్ అనుకున్నారట. ఏడింట్లో అది బలహీనమైనదని ఇప్పుడు నాకు తెలుసు. స్టాండప్ బొమ్మలో మొహాలు ఎందుకు లేవో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

చివరి రెండింటి వరస ఒకసారి మార్చి చూశాం. టీ ముందు, చిన్న పని తర్వాత. అప్పుడు సెట్ మొత్తం ఏడుపులా ముగిసింది. టీ చివర ఉంటే కనీసం ఇద్దరు మనుషులు కలిసి ఒకచోటికి వెళ్తున్నారు.

ఇక అక్షరాల సంగతి, మన క్లబ్బులో బొమ్మలు చేసేవాళ్ల కోసం. ఇంగ్లీషు మీమ్స్‌లో కనిపించే ఆ లావు అక్షరాల ఇంపాక్ట్ ఫాంట్‌లో తెలుగు లేదు. మీరు ఆ ఫాంట్ ఎంచుకుని తెలుగు టైప్ చేస్తే యాప్ చడీచప్పుడు లేకుండా ఇంకేదో ఫాంట్ పెట్టేస్తుంది. తెల్ల అక్షరానికి నల్ల అంచు వేసే పద్ధతి కూడా మనకి పనికిరాదు. మన అక్షరాల్లో చిన్న సున్నాలు, వంపులు ఎక్కువ. ఆ అంచు లోపలికి పాకి "మ", "య" లాంటివి మూసుకుపోతాయి, ఒత్తులు మచ్చల్లా మారతాయి. లావుగా కావాలంటే రామభద్ర ఫాంట్ బావుంటుంది. బొమ్మ మీద కాకుండా పైన తెల్ల పట్టీ పెట్టి నల్ల అక్షరాలు వేయండి. రెండు లైన్ల మధ్య జాగా ఇంగ్లీషు కంటే ఎక్కువ వదలండి, లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద కూర్చుంటాయి. సరిగ్గా వచ్చిందో లేదో లాప్‌టాప్‌లో తెలీదు. ఫోన్‌లో పెట్టి చెయ్యి చాచినంత దూరం నుంచి చదవండి.

తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఈ గొడవంతా ఉండదు కదా అంటారు. రాయొచ్చు, చాలా పేజీలు రాస్తాయి. కానీ అప్పుడు "పది", "పడి" ఒకేలా కనిపిస్తాయి. మ్యూట్ క్యాప్షన్ అలా రాసి చూస్తే మా తమ్ముడు పడి నిమిషాలు అని చదివి, ఎక్కడ పడ్డావురా అని అడిగాడు.

వచ్చే నెల మీటింగ్‌కి ఒక బొమ్మ ఇస్తున్నాను. శుక్రవారం డెస్కు సొరుగులో మర్చిపోయిన టిఫిన్ బాక్సు, సోమవారం పొద్దున. మూత ఇంకా తీయలేదు. నేను 9 రకాలుగా రాశాను, అన్నీ వాసన గురించే వచ్చాయి, అన్నీ అక్క కొట్టేసింది. వాసన మాట లేకుండా, రెండు లైన్లు దాటకుండా రాసి తీసుకురండి. బాక్సు ఎవరిదో మాత్రం రాయకండి.